పత్తి బండికి గంట కేటాయింపు: జిన్నింగు మిల్లు ఆవరణలో నిరీక్షణ తగ్గించే మార్గం

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజనులో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం కంగ్టి. ఇక్కడి వర్షాధార భూములలో పత్తి, కంది, సోయా చిక్కుడు ముఖ్యమైన వానాకాలపు పంటలు. కందిని, సోయాను సంచులలో నింపి ఇంట్లో కొంతకాలం నిలువ ఉంచవచ్చు. పత్తి విషయంలో అది కష్టం. ఏరిన పత్తి గదిని నింపివేస్తుంది, నిప్పుకు భయపెడుతుంది, ఎలుకలను పిలుస్తుంది. మద్దతు ధర కావాలంటే భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంగా ప్రకటించిన జిన్నింగు మిల్లుకు దానిని కిరాయి బండిలో తరలించవలసి ఉంటుంది. ఆ బండి మిల్లు గేటు దగ్గర ఎంతసేపు ఆగుతుందన్నది రైతు చేతిలో లేదు. ఆగినంతసేపటికీ కిరాయి చెల్లించేది మాత్రం రైతే.

2025-26 సీజను నుండి భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ అనే మొబైలు యాప్ ద్వారా రైతు నమోదును, స్లాటు కేటాయింపును ప్రవేశపెట్టింది. అంతకుముందు బండి ముందు వస్తే ముందు తూకం అన్నదే ఆచారం. స్లాటు వచ్చిన తరువాత నిరీక్షణ దానంతట అదే తొలగిపోవాలని చాలామంది ఆశిస్తారు. స్లాటు ఉన్నంత మాత్రాన వరుస తగ్గదని, స్లాటును దేనితో కొలిచి ఇస్తున్నారన్న దానిపై అది ఆధారపడి ఉంటుందని క్షేత్రస్థాయిలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు గుర్తించడం అవసరం. ఏ తేదీకి రావాలన్నది ఒక ప్రశ్న. ఏ గంటకు రావాలన్నది పూర్తిగా వేరొక ప్రశ్న. ఈ రెండింటికి జవాబులు మిల్లులోని రెండు వేర్వేరు చోట్ల నుండి రావాలి.

గేటు నుండి తక్‌పట్టీ వరకు

మిల్లు ఆవరణలో బండి నడిచే దారిని ముందుగా పరిశీలించాలి. గేటు దగ్గర స్లాటు వివరాలు, పట్టా వివరాలు సరిచూస్తారు. తరువాత పత్తిని పరిశీలించి, తేమ మాపకంతో తేమ శాతం చూస్తారు. అంగీకరించిన బండి వేబ్రిడ్జి ఎక్కి నిండు తూకం ఇస్తుంది. అక్కడి నుండి కుప్ప దగ్గరకు పోయి హమాలీల చేత పత్తి దింపించుకొని, మళ్ళీ వేబ్రిడ్జి ఎక్కి ఖాళీ తూకం ఇస్తుంది. చివరకు తక్‌పట్టీ చేతికి వస్తుంది. దింపిన పత్తి కుప్పలో ఉండి, తరువాత జిన్నింగు యంత్రాలకు పోతుంది. గింజ వేరై, దూది 170 కిలోల బేలుగా మారుతుంది.

ఈ దారిలో ఏ మెట్టు అన్నిటికంటే నెమ్మదిగా సాగుతుందో ఆ మెట్టే మొత్తం ఆవరణ వేగాన్ని నిర్ణయిస్తుంది. చూపరులకు వరుస వేబ్రిడ్జి ముందు కనబడుతుంది కనుక వేబ్రిడ్జిదే తప్పని అనుకోవడం పరిపాటి. కారణం తరచుగా దాని వెనుక ఉంటుంది. కుప్ప దగ్గర ఖాళీ లేకపోతే తూకమైన బండి కదలదు. అది కదలకపోతే వెనుక బండి వేబ్రిడ్జి ఎక్కలేదు.

ఒక ఊహా మిల్లును తీసుకొని లెక్క వేసి చూద్దాం. ఇందులోని అంకెలు ఏ ఒక్క మిల్లువీ కావు, పద్ధతి అర్థం కావడానికి తీసుకున్నవి. ఈ మిల్లులో ఒకేసారి నాలుగు బండ్లు దింపుకొనే వీలున్నది. సగటు బండిలో 20 క్వింటాళ్ళ పత్తి ఉంటుంది, దానిని దింపడానికి 40 నిమిషాలు పడుతుంది. అనగా నాలుగు చోట్లా కలిపి గంటకు ఆరు బండ్లు. వేబ్రిడ్జి మీద ఒక్కొక్క తూకానికి నాలుగు నిమిషాలు, బండికి రెండు తూకాలు కనుక ఎనిమిది నిమిషాలు. గంటకు ఏడు బండ్లు దాటుతాయి. తేమ పరీక్షకు ఆరు నిమిషాలు, గంటకు పది బండ్లు. కావున దింపుడే ఇరుకైన మెట్టు. ఉదయం 9 నుండి సాయంత్రం 6 వరకు, మధ్యాహ్నం 1 నుండి 2 వరకు భోజన విరామం పోను, ఎనిమిది గంటల పని. రోజుకు 48 బండ్లు.

తేదీ మాత్రమే ఉన్నప్పుడు

ఈ మిల్లు రోజుకు సరిగ్గా 48 స్లాట్లే ఇచ్చినదనుకుందాం. గంట చెప్పలేదు, తేదీ మాత్రమే చెప్పింది. సామర్థ్యానికి మించి ఒక్క బండినీ పిలవలేదు కనుక ఇబ్బంది ఉండరాదని తోచవచ్చు.

అయితే లోపల వరుస మాత్రం రాక క్రమంలోనే నడుస్తుంది. ముందు వచ్చిన బండి ముందు పోతుందని తెలిసిన రైతు ఆలస్యంగా ఎందుకు వస్తాడు? అందరూ తెల్లవారకముందే బయలుదేరుతారు, కొందరు ముందురోజు రాత్రే గేటు దగ్గరకు చేరుతారు. ఒక్కొక్కరికీ అది తెలివైన నిర్ణయమే. అందరూ అదే నిర్ణయం తీసుకున్నప్పుడు ఎవరికీ లాభం ఉండదు, నిరీక్షణ మాత్రం అందరికీ పెరుగుతుంది. గేటు తెరిచే 9 గంటలకు 20 బండ్లు నిలిచి ఉన్నాయనుకుందాం. 9 నుండి 10 లోపు మరో పది, తరువాతి గంటలో ఎనిమిది, ఆ తరువాత ఆరు, చివరగా మధ్యాహ్నం 1 లోపు నాలుగు వస్తాయి. మొత్తం 48.

గంటకు ఆరు చొప్పున పంపుతూ పోతే, 10 గంటలకు ఆవరణలోను గేటు బయట కలిపి 24 బండ్లు ఉంటాయి. 11కు 26. 12కు 26. మధ్యాహ్నం 1కి 24, విరామం తరువాత 2 గంటలకు కూడా అవే 24. అక్కడి నుండి గంటకు ఆరు తగ్గుతూ సాయంత్రం 6 గంటలకు ఆవరణ ఖాళీ అవుతుంది. మిల్లు యజమాని దృష్టిలో ఇది చక్కని రోజు. హమాలీలు ఒక్క నిమిషం ఖాళీగా లేరు, 48 బండ్లూ దిగాయి. రిజిస్టరులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

బండ్ల వైపు నుండి చూస్తే లెక్క మారుతుంది. ప్రతి గంటలో ఆగి ఉన్న బండ్ల సగటును కూడితే మొత్తం 170 బండి-గంటలు వస్తాయి. 48తో భాగిస్తే బండికి సగటున మూడున్నర గంటలు. 9 గంటలకు ముందు గేటు దగ్గర గడిపిన రాత్రి ఇందులో చేరలేదు. చివరన మధ్యాహ్నం 1 గంటకు వచ్చిన బండి సాయంత్రం 6 గంటలకు బయటపడుతుంది. దానికి నిజంగా అవసరమైన పని గంట కంటే తక్కువ.

ఆవరణలోని రద్దీకీ నిరీక్షణకూ ఉన్న సంబంధాన్ని 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చెబుతుంది:

L = λW

ఇందులో L ఆవరణలో సగటున ఉన్న బండ్ల సంఖ్య, λ గంటకు వచ్చే బండ్లు, W ఒక్కొక్క బండి గడిపే సమయం. పై ఉదాహరణలో 9 గంటల వ్యవధిలో 48 బండ్లు, అనగా గంటకు 5.3. దానిని 3.54 గంటలతో గుణిస్తే 19 వస్తుంది. ఏ సమయంలో చూసినా సగటున 19 బండ్లు నిలిచి ఉంటాయన్నమాట. విద్యార్థులకు ఈ సూత్రం మరొక విధంగా ఉపయోగపడుతుంది. ఎవరినీ ప్రశ్నించకుండా, గంటకొకసారి ఆగి ఉన్న బండ్లను లెక్కపెట్టి, ఆ సగటును గంటకు వచ్చిన బండ్ల సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ తెలిసిపోతుంది.

రోజు లెక్క యంత్రం చెబుతుంది

ఇప్పటివరకు రోజుకు 48 అన్న అంకెను సరైనదిగానే తీసుకున్నాం. అది దింపుడు సామర్థ్యం. కాని దింపిన పత్తి ఎక్కడికి పోతుంది?

మిల్లులో 24 డబుల్ రోలర్ జిన్నింగు యంత్రాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి గంటకు సుమారు 50 కిలోల దూది తీస్తే, అన్నీ కలిపి 12 క్వింటాళ్ళ దూది. పత్తిలో దూది మూడో వంతుకు కొంచెం పైన ఉంటుంది కనుక, గంటకు సుమారు 35 క్వింటాళ్ళ పత్తి ఖర్చవుతుంది. రోజుకు 16 గంటలు నడిచినా 560 క్వింటాళ్ళే. 48 బండ్లు తెచ్చే పత్తి 960 క్వింటాళ్ళు. ప్రతి రోజూ 400 క్వింటాళ్ళు కుప్పలో మిగులుతాయి. ఆవరణలో 2,400 క్వింటాళ్ళకు చోటుంటే ఆరు రోజులలో అది నిండిపోతుంది. చోటున్నంత మేరా కుప్ప పోయడానికి కూడా వీలు లేదు. కుప్పల మధ్య అగ్నిమాపక వాహనం పోయేంత ఎడం ఉండాలి, నాణ్యతను బట్టి కుప్పలు వేరుగా ఉండాలి.

ఏడవ రోజున కొనుగోలు తాత్కాలికంగా నిలిపివేశారన్న కబురు వస్తుంది. అప్పటికే స్లాటు ఉన్న రైతు బండి నింపుకొని దారిలో ఉంటాడు. సీజను నడుమ గేటు ముందు రోజుల తరబడి వరుసలు నిలవడానికి వెనుక తరచుగా ఉండేది ఈ లెక్కే. ఆ రోజున వేబ్రిడ్జినీ హమాలీలనూ ఎంత పెంచినా ఫలితం ఉండదు. యంత్రం తినే దానికంటే ఎక్కువ పోస్తే కుప్ప పెరుగుతుంది, అంతే.

కనుక రోజుకు ఎన్ని స్లాట్లు అన్నది జిన్నింగు యంత్రం నిర్ణయించాలి, గంటకు ఎన్ని అన్నది దింపుడు స్థానం నిర్ణయించాలి. ఈ మిల్లుకు రోజుకు 28 బండ్లు జిన్నింగుకు సరిపోతాయి. 30 ఇస్తే రోజుకు 40 క్వింటాళ్ళు కుప్పకు చేరుతాయి, 60 పనిదినాలకు గాని ఆవరణ నిండదు.

ఇక్కడ మిల్లుల వాదనను కూడా న్యాయంగా చూడాలి. ఆవరణను త్వరగా నింపుకుంటే తొలి వారంలో ఎక్కువ మంది రైతుల పత్తి కొనుగోలవుతుంది. అది నిజమే. అయితే ఆ లాభం ఒక్కసారికే, 2,400 క్వింటాళ్ళ మేరకే, అనగా 120 బండ్లకే పరిమితం. ఆవరణ నిండిన తరువాత ఏ పద్ధతిలోనైనా రోజుకు 28 బండ్లే లోపలికి పోగలవు. తేడా ఏమంటే, ఖాళీ చోటు ఉన్న మిల్లు ఒక రోజు యంత్రం చెడినా, కరెంటు పోయినా, వాన పడినా వచ్చిన బండ్లను దింపుకోగలదు. నిండిన మిల్లు ఒక్క పూట ఆగినా గేటు మూసుకోవలసిందే. ఆ చోటును ఆపద కోసం అట్టిపెట్టుకోవడం మేలు.

గంట లెక్క

30 బండ్లను ఎనిమిది గంటలలో పంచడం సులువైన పని. అన్ని గంటలకూ సమానంగా పంచడం మాత్రం ఉత్తమం కాదు. 1952లో ఇంగ్లండులో నార్మన్ బెయిలీ, వెల్చ్ అనే పరిశోధకులు ఆసుపత్రుల బయటి రోగుల విభాగాలలో వైద్యుని కోసం నిరీక్షణను అధ్యయనం చేశారు. మొదట ఇద్దరు రోగులను పిలిచి, ఆ పైన సగటు పరీక్షా సమయం ఎంతో అంత ఎడంతో ఒక్కొక్కరిని పిలిస్తే, వైద్యుడు ఖాళీగా కూర్చోకుండా, రోగులూ ఎక్కువసేపు ఆగకుండా పని సాగుతుందని వారు సూచించారు. తొలి రోగి ఆలస్యమైనా పని ఆగకుండా ఉండడానికే ఆ అదనపు మనిషి. పత్తి మిల్లుకు కూడా ఇది అన్వయిస్తుంది.

ఆ ప్రకారం 9 నుండి 10 వ్యవధికి ఆరు బండ్లు, తరువాత పని జరిగే ప్రతి గంటకు నాలుగు చొప్పున సాయంత్రం 5 వరకు 24 బండ్లు కేటాయించవచ్చు. 5 నుండి 6 వరకు ఎవరికీ స్లాటు ఇవ్వరు. ఆ గంట ఆలస్యంగా వచ్చినవారికి, పత్తిని ఆరబెట్టుకొని రెండవసారి పరీక్షకు వచ్చినవారికి. గంటకు ఆరు దింపగలిగిన చోట నాలుగు మాత్రమే పిలవడం వృథాగా కనిపించవచ్చు. ఆ ఖాళీయే ఈ పద్ధతికి ప్రాణం. 10 గంటల వ్యవధివారు నలుగురు, 11 గంటల వ్యవధివారు నలుగురు కలిసి 10 గంటలకే వచ్చారనుకున్నా, ఎనిమిదవ బండి దింపుడు 11 గంటల 20 నిమిషాలకు పూర్తవుతుంది. పూర్తి సామర్థ్యానికి పిలిచిన మిల్లులో ఉదయం వచ్చిన ఒక ఆలస్యం సాయంత్రం దాకా వెంటాడుతుంది. ఇక్కడ అది గంటలో సర్దుకుంటుంది.

స్లాటును బండితో కొలవాలా, క్వింటాళ్ళతో కొలవాలా అన్నది తరువాతి చిక్కు. ఆరు క్వింటాళ్ళు తెచ్చిన ఆటోకు, నలభై క్వింటాళ్ళు తెచ్చిన డీసీఎంకు ఒకే కొలత స్లాటు ఇస్తే లెక్క తప్పుతుంది. రోజు పరిమితిని క్వింటాళ్ళలోను, గంట పరిమితిని దింపుడు నిమిషాలలోను ఉంచితే రెండూ సరిపోతాయి. పెద్ద బండికి రెండు వ్యవధులు కేటాయించవచ్చు. చిన్న రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బండిలో తెచ్చినప్పుడు మాత్రం కొంత అదనపు సమయం తప్పదు. బోరాలు వేరు చేయాలి, తూకాలు వేరుగా రాయాలి, తక్‌పట్టీలు వేరుగా ఇవ్వాలి. కంగ్టి వంటి దూరపు మండలంలో కిరాయి పంచుకోవడానికి ఇలా కలిసి రావడం సహజం. దానిని తప్పుగా చూడక ముందే స్లాటులో లెక్కించడం మంచిది.

మంచు, తేమ, గంట

స్లాటు గంటను నిర్ణయించేటప్పుడు రవాణా నిపుణుడు గమనించని విషయం ఒకటి వ్యవసాయ శాస్త్రవేత్తకు వెంటనే తోస్తుంది. పత్తి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నవంబరు, డిసెంబరు రాత్రులలో పైకప్పు లేని ట్రాలీ గేటు దగ్గర నిలిచి ఉంటే మంచు పడి పై పొర తడిసిపోతుంది. లోపలి పత్తి పెద్దగా మారకపోయినా, పై పొరలో మాపకం పెట్టి చూస్తే అంకె పెరుగుతుంది.

కొనుగోలు నిబంధన ప్రకారం తేమ 8 శాతం వరకు పూర్తి ధర. 8 నుండి 12 వరకు ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే తిరస్కరణ. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. ఒక శాతం కోత అంటే క్వింటాలుకు రూ. 81.10, 20 క్వింటాళ్ళ బండికి రూ. 1,622. నిజానికి ఈ కోతను మాత్రమే నష్టంగా లెక్కించడం పొరపాటు. తేమ పెరిగితే తూకమూ కొంత పెరుగుతుంది, కోత దానిని సరిచేస్తుంది. అసలు నష్టం 12 అనే గీత దగ్గర ఉన్నది. ఇంటి దగ్గర 11 శాతంతో బయలుదేరిన పత్తి ఒక రాత్రి మంచులో నిలిచి 12 దాటితే అది కోత కాదు, పూర్తి తిరస్కరణ. బండిని వెనుకకు తిప్పాలి, లేదా అక్కడే ఎవరికో తక్కువ ధరకు అమ్ముకోవాలి. గేటు దగ్గరి నిరీక్షణ ఈ విధంగా కిరాయి ఖర్చును దాటి పంట ధరనే తాకుతుంది.

దీని నుండి స్లాటు పంపిణీకి ఒక సూచన వస్తుంది. ఉదయం 9 గంటల వ్యవధిని మిల్లుకు దగ్గరి గ్రామాలకు ఇవ్వాలి. వారు ముందురోజు మధ్యాహ్నం నింపి, టార్పాలిన్ కప్పి ఇంటి దగ్గరే ఉంచుకొని, తెల్లవారిన తరువాత బయలుదేరగలరు. కంగ్టి వంటి దూరపు మండలాలకు 11 గంటల తరువాతి వ్యవధులు ఇస్తే రాత్రి ప్రయాణం, రాత్రి నిరీక్షణ రెండూ తప్పుతాయి. తేమ పరీక్షలో పై పొరను తొలగించి, బండిలో పలు చోట్ల, పలు లోతుల నుండి నమూనా తీయడం కూడా అంతే అవసరం. ఒక్క చోటి అంకె మీద వాదం మొదలైతే ఆరు నిమిషాల పరీక్ష అరగంట అవుతుంది, వెనుక వరుస అంతా ఆగుతుంది.

లాస్ ఏంజెలెస్ నుండి ఒక పాఠం

స్లాటు ఇచ్చి కూడా వరుస తగ్గని అనుభవం అమెరికాలో ఉన్నది. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవులలో కంటెయినరు లారీలు గేట్ల ముందు గంటల కొద్దీ ఇంజను నడుపుతూ నిలిచేవి. 2002లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టం చేసింది. లారీ 30 నిమిషాలకు మించి ఇంజను నడుపుతూ ఆగవలసి వస్తే టెర్మినలుకు 250 డాలర్ల జరిమానా. స్లాటు పద్ధతి పెట్టుకున్న టెర్మినళ్ళకు ఈ జరిమానా నుండి బయటపడే వీలు కల్పించారు. 2003 జూలై నుండి అమలులోకి వచ్చింది. పలు టెర్మినళ్ళు స్లాటు పద్ధతిని ప్రవేశపెట్టాయి.

2007లో జెనీవీవ్ జూలియానో, థామస్ ఓబ్రయన్ ప్రచురించిన అధ్యయనంలో ఈ పద్ధతి వల్ల వరుసలు తగ్గిన ఆధారం కనిపించలేదు. స్లాటు ఉన్న లారీకి చాలా చోట్ల ప్రత్యేక దారి గాని, ప్రాధాన్యం గాని లేదు. స్లాటు లేని లారీలతో పాటు అదే వరుసలో నిలబడవలసి వచ్చింది. టెర్మినళ్ళు దానిని గేటు పనిని మెరుగుపరచుకొనే సాధనంగా కాక, జరిమానా తప్పించుకొనే మార్గంగా చూశాయి.

పత్తి మిల్లుకు ఇది నేరుగా వర్తిస్తుంది. 11 గంటల స్లాటు ఉన్న రైతు 11 గంటలకు వచ్చి చూస్తే, తెల్లవారుజామున వచ్చిన 2 గంటల స్లాటు బండి అతని ముందు నిలిచి ఉన్నదనుకుందాం. ఆ బండిని ముందు పంపితే ఆ రోజుతోనే గంట స్లాటు చచ్చిపోయినట్లే. మరుసటి రోజు నుండి ఎవరూ చెప్పిన గంటకు రారు. కనుక గేటు బయట ముందుగా వచ్చిన బండ్లను పక్కకు నిలిపే స్థలం, వ్యవధిని బట్టి పేరు పిలిచే ఒక మనిషి తప్పనిసరి. అరగంట అటూ ఇటూ అయితే సమయానికి వచ్చినట్లే లెక్కించాలి. అంతకు మించి ఆలస్యమైన బండిని రోజు చివరకు నెట్టడం కంటే, తరువాత దొరికే మొదటి ఖాళీలో పంపడం మంచిది. టైరు పంక్చరు అయినవానికి శిక్ష వేసి ప్రయోజనం లేదు.

స్లాటు తీసుకొని రానివారి సమస్య కూడా ఉన్నది. పత్తి ఏరే కూలీలు దొరకకపోవడం, కిరాయి బండి వేరొకరికి పోవడం, తేమ ఎక్కువై ఆరబెట్టుకోవడం వంటివి ఎవరి తప్పులూ కావు. రానివారి వాటాను ఊహించి అదనపు స్లాట్లు ఇస్తే అందరూ వచ్చిన రోజున వరుస మళ్ళీ పెరుగుతుంది. దానికంటే, పిలిస్తే రెండు గంటలలో రాగల దగ్గరి గ్రామాల రైతుల జాబితా ఒకటి ఉంచుకొని ఖాళీ అయిన వ్యవధిని వారికి ఇవ్వడం నయం. యంత్రం చెడి మిల్లే స్లాటు రద్దు చేయవలసి వచ్చినప్పుడు ఆ కబురు బండి నింపకముందే అందాలి. దూరపు రైతు ముందురోజు మధ్యాహ్నం నింపుతాడు కనుక, ముందురోజు ఉదయం తరువాత వచ్చే రద్దు సందేశం అతనికి ఏ మేలూ చేయదు. నింపిన కూలి, మళ్ళీ దింపిన కూలి, బండి కిరాయి అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి.

జహీరాబాద్ ప్రాంతపు చెరకు రైతుకు ఈ ఆలోచన కొత్తది కాదు. చక్కెర మిల్లు కటింగ్ ఆర్డరు ఇచ్చిన తరువాతనే అక్కడ చెరకు నరుకుతారు, ఎందుకంటే నరికిన చెరకులో చక్కెర రోజురోజుకు తగ్గుతుంది. అక్కడ నిరీక్షణ నష్టం కొంత మిల్లుకు కూడా తగులుతుంది కనుక రాకను క్రమబద్ధం చేయాలన్న పట్టుదల మిల్లుకే ఉంటుంది. పత్తిలో ఆ పట్టుదలకు కారణం లేదు. గేటు బయట బండి ఎన్ని గంటలు నిలిచినా మిల్లు ఖాతాలో ఒక్క రూపాయి తేడా రాదు. లారీ రవాణాలో సరుకు అందుకొనేవాడు నిర్ణీత సమయంలో దింపుకోకపోతే నిలుపుదల రుసుము అతని మీద పడేలా ఒప్పందం రాసుకోవడం వాడుక. పత్తి రైతు కిరాయి బండికి అటువంటి ఒప్పందం లేదు. హాల్టింగు కిరాయి బండి యజమానికి, రైతుకు మధ్యనే తేలిపోతుంది. గంట స్లాటు పాటించబడాలంటే పాటించనందుకు మిల్లుకు కూడా ఏదో ఒక ఖర్చు ఉండాలి. మిల్లులతో కుదుర్చుకొనే లీజు ఒప్పందంలో స్లాటు గంట నుండి ఖాళీ తూకం వరకు పట్టిన సమయాన్ని ఒక షరతుగా చేర్చడం పరిశీలించదగినది.

అందుకు కావలసిన సమాచారంలో సగం ఇప్పటికే ఉన్నది. కంప్యూటరు వేబ్రిడ్జి చీటీ మీద నిండు తూకం సమయం, ఖాళీ తూకం సమయం అచ్చవుతాయి. ఆ రెండింటి తేడా లోపల దింపుడుకు పట్టిన కాలం. నమోదు కానిది ఒక్కటే, బండి గేటు బయటకు చేరిన సమయం. రైతు గడిపే నిరీక్షణలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నది, అందుకే ఏ రికార్డులోనూ అది కనిపించదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు ఇద్దరు, ఒక నోటు పుస్తకంతో, సీజను ఉధృతంగా ఉన్న మూడు రోజులు గేటు దగ్గర కూర్చుంటే ఆ లోటు తీరుతుంది. బండి నంబరు, వచ్చిన గంట, స్లాటు గంట, గ్రామం, గేటు దాటిన గంట రాసుకొని, తరువాత తూకం చీటీలతో జత చేయాలి. గేటు నుండి నిండు తూకం వరకు కాలం ఎక్కువగా ఉండి, నిండు తూకం నుండి ఖాళీ తూకం వరకు మామూలుగా ఉంటే రాక వేళలు సరిగా లేవని అర్థం, గంట స్లాటు దానికి మందు. రెండవ కాలమే రోజురోజుకు పెరుగుతూ పోతుంటే కుప్ప నిండుతున్నదని అర్థం. అప్పుడు తగ్గించవలసింది రోజు స్లాట్ల సంఖ్యను. కంగ్టి రైతు సెల్‌ఫోనులో స్లాటు చూసుకొనే ముందే, ఆ రెండవ లెక్క మిల్లు దగ్గర ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు వేసి, మరుసటి వారపు స్లాట్లు విడుదల చేసేవారికి చేర్చవలసి ఉన్నది.